క్లిక్ కంటే ముందు చూపు

కంప్యూటర్‌లో ఒక పని ఎలా చేయాలో తెర మీదే చేసి చూపిస్తూ, పక్కన మాటతో వివరిస్తూ తీసిన వీడియోలు ఈ రోజు ఏ సాఫ్ట్‌వేర్‌కైనా దొరుకుతాయి. వాటిలో చాలావాటిని మనం పదేపదే వెనక్కి జరుపుకుంటూ చూస్తాం. పాఠం కష్టమై కాదు. చెప్పే మనిషి మౌస్‌ను సర్రున పైకి తీసుకెళ్లి, ఒక మెనూ తెరిచి, అందులో ఏదో నొక్కేస్తాడు. మెనూ మూసుకుపోయాక "ఇలా వాలిడిటీలోకి వెళ్లాలి" అంటాడు. ఆ మాట మన చెవిన పడేసరికి ఆ పేరు తెర మీద లేదు. మన చూపు ఇంకా పట్టిక మధ్యలోనే ఉంది.

మామూలు ల్యాప్‌టాప్ తెర 1920×1080 పిక్సెళ్లు. అంటే ఇరవై లక్షలకు పైగా చుక్కలు. క్లిక్ జరిగేది అందులో గోరంత చోట. చేసేవాడికి ఆ చోటు ముందే తెలుసు కాబట్టి వెతకనక్కర్లేదు. చూసేవాడు తెరంతా వెతుక్కోవాలి. స్క్రిప్టు రాసినా, కర్సర్‌ను పెద్దది చేసినా, జూమ్ పెట్టినా, మాట రికార్డు చేసినా అన్నీ ఒక్క పని కోసమే: క్లిక్ జరగడానికి ముందే చూసేవాడి చూపును ఆ చోటికి చేర్చాలి. ఈ ఒక్కటీ పట్టుకుంటే ఏ నిర్ణయం ఎందుకు తీసుకోవాలో దానంతటదే తెలుస్తుంది.

ఒక చిన్న పాఠం తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. లిబ్రెఆఫీస్ కాల్క్‌లో హాజరు పట్టిక ఉంది. ఒకరు P అని, ఒకరు Present అని, ఇంకొకరు P తర్వాత ఒక ఖాళీ వదిలి నింపారు. నెలాఖరున లెక్క కడితే మొత్తం తప్పుతుంది. గడిలో P, A తప్ప వేరే ఏదీ పడకుండా, చిన్న జాబితాలోంచి ఎంచుకునేలా చేయవచ్చు. Data మెనూలో Validity అన్నది ఇందుకే ఉంది. దీన్ని మూడు నిమిషాల్లో నేర్పే వీడియో తీయాలి. తెర రికార్డింగ్‌కు ఓబీఎస్ స్టూడియో, గొంతుకు ఆడాసిటీ, ఎడిటింగ్‌కు షాట్‌కట్ సరిపోతాయి. మూడూ ఉచితమే.

ముందు కాగితం

చేసి చూపడమే కదా, రాయడం దేనికి అనిపిస్తుంది. కానీ అలవాటైన చేయి తాను చేసేవన్నీ మనసుకు చెప్పదు. ఈ పని ఎన్ని మెట్లని అడిగితే తెలిసినవాడు నాలుగంటాడు: గళ్లు ఎంచుకో, Validity తెరువు, జాబితా రాయి, OK నొక్కు. ఒక్కో కదలికకూ ఆగి రాసుకుంటే అసలు లెక్క తేలుతుంది. B2 మీద నొక్కి B11 దాకా లాగాలి. పైన Data తెరవాలి. అందులో Validity నొక్కాలి. వచ్చిన పెట్టెలో Criteria అనే ట్యాబ్‌లో ఉన్నామో లేదో చూసుకోవాలి. Allow పక్కన All cells అని ఉన్నదాన్ని List గా మార్చాలి. అప్పుడు కింద Entries అనే ఖాళీ పెట్టె వస్తుంది. అందులో P కొట్టి, ఎంటర్ నొక్కి, A కొట్టాలి. చివర OK.

ఈ వరుసలో కొత్తవాళ్లు తడబడే చోటు ఒకటుంది, రాస్తేనే అది కంటపడుతుంది. Entries లో ఒక్కో వరుసకు ఒక్కో మాటే ఉండాలి. ఎక్సెల్ అలవాటున్నవాళ్లు కామా పెట్టి P, A అని ఒకే వరుసలో రాస్తారు. కాల్క్ దాన్ని "P, A" అనే ఒకే మాటగా తీసుకుంటుంది. ఎంటర్ నొక్కడానికి జంకేవాళ్లూ ఉంటారు, నొక్కితే పెట్టె మూసుకుపోతుందేమోనని. ఇక్కడ మూసుకుపోదు, కింది వరుసకే వెళుతుంది. ఈ రెండు మాటలూ స్క్రిప్టులో లేకపోతే వీడియో ఎంత అందంగా ఉన్నా పని జరగదు.

స్క్రిప్టును రెండు నిలువు వరుసలుగా రాయడం మంచి పద్ధతి. ఎడమ వైపు తెర మీద జరిగేది, కుడి వైపు వినిపించేది. ఐఐటీ బాంబేలో ప్రొఫెసర్ కన్నన్ మౌద్గల్య ఆధ్వర్యంలో మొదలైన స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టు ఈ క్రమశిక్షణతోనే నడుస్తుంది. స్క్రిప్టు లేనిదే అక్కడ రికార్డింగ్ లేదు. విషయం తెలియని ఒకరు దాన్ని పరీక్షించాలి. పాఠం సుమారు పది నిమిషాల లోపు ఉండాలి. లిబ్రెఆఫీస్‌తో సహా ఎన్నో పాఠాలను తెలుగులోకి డబ్ చేయగలిగారంటే, మాట విడిగా, తెర విడిగా, పక్కపక్కనే రాసి ఉండటం పెద్ద సాయం.

మన పాఠంలో మూడు వరుసలు ఇలా ఉంటాయి.

తెర: కర్సర్ B2 మీద ఆగి ఉంది. తర్వాత B11 వరకు లాగుతుంది.
మాట: హాజరు వేయాల్సిన గళ్లు B2 నుంచి B11 వరకు. B2 మీద నొక్కి, వేలు ఎత్తకుండా B11 దాకా లాగండి.

తెర: కర్సర్ పైకి వెళ్లి Data కింద ఆగుతుంది. మాట పూర్తవుతుండగా క్లిక్.
మాట: పైన మెనూల వరుసలో Data అని ఉంది. దాని మీద క్లిక్ చేయండి.

తెర: మెనూ తెరిచే ఉంది. కర్సర్ నెమ్మదిగా Validity దగ్గరకు దిగి ఆగుతుంది. క్లిక్.
మాట: తెరుచుకున్న జాబితాలో Validity ఎంచుకోండి.

వరుసకు ఒకే చర్య. మాటలో ముందు చోటు, తర్వాత పేరు, చివర చేయాల్సిన పని. మన వాక్యంలో క్రియ ఎలాగూ చివరే వస్తుంది కాబట్టి తెలుగులో ఇది సహజంగా అమరుతుంది. "పైన" అనగానే చూపు పైకి వెళుతుంది, "Data" అనగానే దాన్ని పట్టుకుంటుంది, "క్లిక్ చేయండి" అనేసరికి చూడటానికి సిద్ధంగా ఉంటుంది. "ఇక్కడ నొక్కి, ఇదిగో దీన్ని మార్చండి" అంటే చెవికి ఏమీ అందదు. తెర మీద ఏ పేరుంటే ఆ పేరే పలకాలి, ఎందుకంటే చూసేవాడు తన కంప్యూటర్‌లో వెతికేది ఆ అక్షరాల కోసమే.

తెరను సిద్ధం చేయడం

రికార్డు బటన్ నొక్కే ముందే సగం ఎడిటింగ్ అయిపోవాలి. విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో స్కేల్‌ను 150 శాతానికి పెంచండి. మెనూలు, పెట్టెలు, అక్షరాలు అన్నీ ఒకటిన్నర రెట్లవుతాయి. పని చేసుకునే చోటు తగ్గుతుంది, కానీ పది వరుసల హాజరు పట్టికకు అది చాలు. నోటిఫికేషన్లు ఆపేయండి. పట్టికలో నిజమైన పిల్లల పేర్లు, ఫోన్ నంబర్లు వాడకండి. ఊహించిన పేర్లు రాసుకోండి.

ఓబీఎస్‌లో చాలామంది పడే గొయ్యి ఒకటుంది. కాల్క్ కిటికీ ఒక్కటే కావాలి కదా అని Window Capture ఎంచుకుంటారు. అంతా బాగానే రికార్డవుతున్నట్టు ఉంటుంది. తీరా చూస్తే Validity పెట్టె వీడియోలో ఉండదు. కర్సర్ ఖాళీలో ఏదో నొక్కుతూ కనిపిస్తుంది. కారణం, ఆ పెట్టె విండోస్ లెక్కలో కాల్క్‌లో భాగం కాదు, వేరే కిటికీ. అందుకే Display Capture వాడి తెర మొత్తాన్నీ తీసుకోవాలి. Capture Cursor దగ్గర టిక్ ఉందో లేదో చూసుకోవాలి. రికార్డింగ్ ఫైలును ఎంకేవీ రకంలో పెట్టుకుంటే మధ్యలో కరెంటు పోయినా అప్పటిదాకా తీసింది మిగులుతుంది. తర్వాత File మెనూలో Remux Recordings తో ఎంపీ4గా మార్చుకోవచ్చు.

కర్సర్ విషయానికి వస్తే, విండోస్ సెట్టింగుల్లోనే దాని సైజు, రంగు మార్చవచ్చు. మామూలు తెల్ల బాణం తెల్ల గళ్ల మీద కలిసిపోతుంది. మైక్రోసాఫ్ట్ వాళ్లదే ఉచిత పవర్‌టాయ్స్‌లో Mouse Highlighter అని ఉంది. క్లిక్ చేసిన చోట రంగు వలయం చూపిస్తుంది. వలయం క్లిక్ సమయంలోనే రావాలన్నది నా అభిప్రాయం. ఎప్పుడూ వెలుగుతూ ఉండే పసుపు వలయానికి కన్ను రెండో నిమిషానికే అలవాటు పడిపోతుంది, ఇక అది దేన్నీ ఎత్తి చూపదు.

పరికరం కంటే చేతి నడక ముఖ్యం. ఒక చోటి నుంచి ఇంకో చోటికి నేరుగా, నెమ్మదిగా వెళ్లాలి. చేరాక ఒక సెకను ఆగాలి. ఆ తర్వాతే క్లిక్. పేరు మీద కర్సర్ పెడితే ఆ పేరే కనబడదు, దాని కిందో కుడి పక్కో ఆపాలి. మాట్లాడేటప్పుడు తెలియకుండానే చేయి మౌస్‌ను గుండ్రంగా తిప్పుతుంది. ఈ అలవాటు మానుకోవడం కష్టం. మౌస్ మీంచి చేయి తీసేస్తేనే నయం.

జూమ్ ఎంత, ఎప్పుడు

మన పాఠం చూసేవాళ్లలో చాలామంది చేతిలో ఉండేది ఫోన్. కొంచెం లెక్క వేద్దాం. స్కేల్ పెంచని తెర మీద మెనూ అక్షరం ఎత్తు సుమారు 12 పిక్సెళ్లు అనుకుందాం. ఫోన్‌ను అడ్డంగా పట్టుకుంటే వీడియో వెడల్పు సుమారు 12 సెంటీమీటర్లు వస్తుంది. అందులో ఆ అక్షరం ముప్పావు మిల్లీమీటరు. నిలువుగా పట్టుకుంటే వీడియో వెడల్పు 7 సెంటీమీటర్ల లోపే, అక్షరం అర మిల్లీమీటరు కూడా ఉండదు. స్కేల్‌ను 150 శాతం చేసి, ఎడిటింగ్‌లో ఒకటిన్నర రెట్లు జూమ్ చేస్తే అదే అక్షరం 27 పిక్సెళ్లవుతుంది. అడ్డంగా పట్టుకున్న ఫోన్‌లో 1.7 మిల్లీమీటర్లు, నిలువుగా దాదాపు ఒక మిల్లీమీటరు. ఇప్పుడు చదవవచ్చు.

మరి రెండు, మూడు రెట్లు జూమ్ చేస్తే ఇంకా మంచిది కదా? కాదు. 1920×1080లో తీసిన దాన్ని రెండు రెట్లు చేస్తే తెరలో నాలుగో వంతు భాగం, అంటే 960×540 పిక్సెళ్లు, మొత్తం చట్రాన్ని నింపాలి. లేని పిక్సెళ్లను సాఫ్ట్‌వేర్ అంచనాతో పూరిస్తుంది. ఫోటోల్లో ఇది తెలియదు గానీ సన్నని అక్షరాల అంచులు మసకబారి వెంటనే బయటపడుతుంది. ఒకటిన్నర దాకా పరవాలేదు. అంతకంటే దగ్గరకు వెళ్లాలంటే 3840×2160 తెర మీద రికార్డు చేసి, వీడియోను 1920×1080గా బయటకు తీయాలి. అప్పుడు రెండు రెట్ల జూమ్‌లోనూ అక్షరం పదునుగానే ఉంటుంది.

షాట్‌కట్‌లో ఈ పని Size, Position & Rotate అనే ఫిల్టర్‌తో చేస్తాం. ఒకటిన్నర రెట్లంటే సైజు 2880×1620. ఇంత పెద్దదైన చిత్రాన్ని 1920×1080 చట్రం వెనక జరిపి, కావాల్సిన చోటు మధ్యకు తేవాలి. Validity పెట్టె మధ్య బిందువు అసలు తెర మీద ఎడమ నుంచి 1100, పై నుంచి 480 పిక్సెళ్ల దగ్గర ఉందనుకుందాం. పొజిషన్‌లో ఇవ్వాల్సిన అంకెలు ఇవి:

```
x = 960 − 1.5 × 1100 = −690
y = 540 − 1.5 × 480 = −180
```

960, 540 అనేవి చట్రం మధ్య బిందువు. ఇదే లెక్క Data మెనూకు వేస్తే చిక్కు వస్తుంది. అది తెర పై అంచున, 560, 60 దగ్గర ఉందనుకుందాం. x 120, y 450 వస్తాయి. ఆ అంకెలే ఇస్తే ఎడమన, పైన నల్లటి పట్టీలు పడతాయి, ఎందుకంటే అక్కడ చూపడానికి తెరే లేదు. ఈ సైజులో x సున్నాకు, −960కి మధ్యే ఉండాలి. y సున్నాకు, −540కి మధ్యే ఉండాలి. దాటితే దగ్గరి హద్దు వేయాలి, ఇక్కడ రెండూ సున్నాలే. Data మధ్యకు రాదు, కానీ పెద్దగా కనిపిస్తుంది. కావాల్సింది అదే.

సున్నా, సున్నా దగ్గర నిలిపితే చట్రంలో తెర ఎడమ పై భాగం 1280×720 మేర కనిపిస్తుంది. మెనూ వరుస, తెరుచుకునే జాబితా, మనం ఎంచుకున్న గళ్లు అన్నీ అందులో పడతాయి. కాబట్టి గళ్లు ఎంచుకోవడం నుంచి Validity నొక్కేదాకా జూమ్ కదలాల్సిన పనే లేదు. పెట్టె రాగానే అదే పెద్దరికంలో −690, −180కి పక్కకు జరిగితే చాలు. OK నొక్కాక పూర్తి తెరకు వెనక్కి రావాలి. పాఠమంతటికీ మూడే కదలికలు. ప్రతి క్లిక్‌కీ లోపలికి, బయటికి వెళ్లే వీడియోలో చూసేవాడికి తాను తెరలో ఏ మూల ఉన్నాడో అర్థం కాదు. కర్సర్ వెంట జూమ్ పరుగెడితే ఇంకా కష్టం. అది నది మీద తేలే పడవలోంచి ఒడ్డున ఉన్న బోర్డు చదవడం లాంటిది.

ఒక కదలికకు 0.7 సెకను, అంటే సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో 21 ఫ్రేములు చాలు. అంతకంటే త్వరగా జరిగితే కుదుపు, రెండు సెకన్లు పడితే విసుగు. మొదట్లో, చివర్లో వేగం తగ్గేలా కీఫ్రేమ్ రకం ఎంచుకోవాలి. జూమ్ "పైన మెనూల వరుసలో" అన్న మాటతో మొదలై "Data" అనే లోపు ఆగిపోవాలి. కర్సర్ ఆ తర్వాత కదలాలి. తెరా కర్సరూ ఒకేసారి కదిలితే కన్ను రెండింటినీ పట్టుకోలేదు. రికార్డింగ్‌లో ప్రతి చర్యకూ ముందు సెకను ఆగమన్నది ఇందుకు కూడా. ఆ ఖాళీ లేకపోతే జూమ్ పెట్టడానికి చోటుండదు.

గొంతు విడిగా

చేస్తూ మాట్లాడితే రెండూ చెడతాయి. స్క్రిప్టు చేతిలో ఉంది కాబట్టి ముందు గొంతు రికార్డు చేసి, దాన్ని ఇయర్‌ఫోన్లో వింటూ తెర మీద పని చేయడం నాకు నచ్చిన దారి. మాట పొడవే కదలిక పొడవును నిర్ణయిస్తుంది.

మైక్ నోటికి జానెడు లోపు, కొంచెం పక్కకు ఉండాలి. సూటిగా ఎదురుగా ఉంటే ప, భ, ఫ దగ్గర గాలి తగిలి డబ్ మని మోగుతుంది. మీటర్‌లో గొంతు పెద్దగా లేచినప్పుడు −12 నుంచి −6 డెసిబెళ్ల మధ్య తాకితే సరి. సున్నాను తాకిన మాట పగిలిపోతుంది, దాన్ని తర్వాత బాగు చేయలేం. మన ఇళ్లలో అసలు శత్రువు సీలింగ్ ఫ్యాన్. ఆ కాసేపు ఆపేయడమే మంచిది. వీలుకాకపోతే మొదట్లో ఐదు సెకన్లు ఏమీ మాట్లాడకుండా గది శబ్దాన్ని రికార్డు చేయండి. ఆడాసిటీలో ఆ ముక్కను ఎంచుకుని Noise Reduction లో Get Noise Profile నొక్కి, తర్వాత మొత్తానికీ వర్తింపజేయవచ్చు. 6 నుంచి 12 డెసిబెళ్ల వరకే తగ్గించండి. ఇంకా తగ్గిస్తే హోరు పోతుంది గానీ గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు మోగుతుంది. ఆ గొంతుకంటే కొద్దిపాటి హోరే నయం.

తప్పు పలికితే ఆ మాటను మధ్యలో అతికించవద్దు. ఒక చప్పట కొట్టి, వాక్యాన్ని మొదటి నుంచి మళ్లీ చదవండి. చప్పట తరంగంలో నిలువు గీతలా కనిపిస్తుంది కాబట్టి కోయాల్సిన చోటు వెతుక్కోనక్కర్లేదు. "ఇప్పుడు మనం ఏం చేద్దామంటే" లాంటివి స్క్రిప్టులోనే కొట్టేయాలి. "క్లిక్ చేయవలెను" కూడా వద్దు, పక్కన కూర్చున్న మనిషితో ఎవరూ అలా అనరు.

చివరికి తెరా మాటా కలిపినప్పుడు అక్కడక్కడ మాట పొడవవుతుంది. అలాంటి చోట కర్సర్ ఆగి ఉన్న ఫ్రేమును నిలిపి సాగదీయాలి. టైపింగ్‌ను కొంచెం వేగం పెంచవచ్చు. కర్సర్ ప్రయాణాన్ని మాత్రం ఎప్పుడూ వేగం పెంచకూడదు.

ఎలా తెలుస్తుంది

మొదట ధ్వని ఆపేసి ఫోన్‌లో చూడండి. మెట్లు అర్థమైతే కర్సర్, జూమ్ పని చేస్తున్నట్టు. తర్వాత తెర చూడకుండా వినండి. మీ కంప్యూటర్‌లో ఆ మాటలతోనే పని పూర్తయితే స్క్రిప్టు బాగున్నట్టు. ఈ రెండూ నెగ్గాక కాల్క్‌లో ఈ పని ఎప్పుడూ చేయని ఒకరి ముందు పట్టిక ఫైలు, వీడియో రెండూ పెట్టి పక్కన మౌనంగా కూర్చోండి. సాయం చేయవద్దు. వీడియోను ఎక్కడ ఆపారో, ఎక్కడ వెనక్కి జరిపారో మాత్రం రాసుకోండి. ఆపడం మామూలే, చేసుకోవడానికి ఆపుతారు. వెనక్కి జరిపిన ప్రతి చోటా మాట కంటే క్లిక్ ముందుపడిందేమో చూడండి, చాలాసార్లు దొరికేది అదే. చివర్లో B3లో Present అని కొట్టి చూపించే మెట్టు తప్పనిసరి. అప్పుడు కాల్క్ Invalid value అని అడ్డుకుంటుంది. పని సరిగ్గా జరిగిందో లేదో నేర్చుకునేవాడు తనంతట తాను తేల్చుకునేది అక్కడే.

సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడు మెనూ పేరో పెట్టె రూపమో మారవచ్చు. అందుకే బయటకు తీసిన ఎంపీ4తో పాటు స్క్రిప్టు, షాట్‌కట్ ప్రాజెక్టు ఫైలు, అసలు రికార్డింగ్, గొంతు ఫైలు, పట్టిక ఫైలు అన్నీ ఒకే ఫోల్డర్‌లో, వెర్షన్ నంబరుతో ఉంచుకోవాలి. ఏ స్కేల్‌లో, ఏ కర్సర్ సైజుతో తీశారో స్క్రిప్టు పైనే రాసి పెట్టుకోవాలి. గొంతును కూడా వరుసకు ఒక ఫైలుగా విడగొట్టి ఉంచితే Criteria ట్యాబ్ మారిన రోజున ఆ ఒక్క వరుస మాటను, ఆ పది సెకన్ల తెరను మళ్లీ తీసి అదే చోట అమర్చవచ్చు.